ఆన్‌లైన్‌లో డబ్బు పోతే: ఫిర్యాదుకు ముందు ఫోన్‌లో ఏం భద్రపరచాలి?

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిందని తెలియగానే చాలా ఇళ్లలో మూడు పనులు జరుగుతాయి. కోపంతో మోసగాడి నంబర్‌ను బ్లాక్ చేస్తారు. భయంతో ఫోన్‌లోని యాప్‌ను తీసేస్తారు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని చాట్ మొత్తం తుడిచేస్తారు. ఈ మూడూ మనిషికి సహజమైనవే. అయితే ఈ మూడు పనులూ మోసగాడికే మేలు చేస్తాయి. పోలీస్ స్టేషన్‌కు వెళ్లేసరికి బాధితుడి చేతిలో మిగిలేది ఖాతాలోంచి డబ్బు వెళ్లిందని చెప్పే ఒక ఎస్సెమ్మెస్ మాత్రమే.

ఆ ఎస్సెమ్మెస్ ఏం చెబుతుంది? ఫలానా రోజు మీ ఖాతా నుంచి ఫలానా మొత్తం వెళ్లిందని చెబుతుంది. మీ ఫోన్ నుంచి, మీ పిన్ నంబర్‌తో, మీరే పంపారని కూడా చెబుతుంది. మోసం జరిగిందని మాత్రం చెప్పదు. డబ్బు వెళ్లిందని చూపడం తేలికే. అది అబద్ధం నమ్మడం వల్ల వెళ్లిందని చూపడమే కష్టం. అందుకు మూడు విషయాలు ఒకదానితో ఒకటి ముడిపడి కనిపించాలి: మీతో మాట్లాడిన నంబర్ ఏది, ఆ నంబర్ ఏ ఖాతాకు డబ్బు పంపమని చెప్పింది, ఆ ఖాతాకే డబ్బు వెళ్లిందా. ఈ మూడు ముడుల్లో ఏ ఒక్కటి తెగినా కేసు బలహీనపడుతుంది. భద్రపరచడం అంటే ఈ మూడింటినీ తెగకుండా కాపాడుకోవడమే.

ఒక ఉదాహరణ

విషయం స్పష్టంగా అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఒక వ్యక్తి కథ కాదు. ఇలాంటి మోసాల్లో తరచుగా కనిపించే వరుసను ఒకచోట పేర్చి రాస్తున్నాం.

కర్నూలులో ఒక కిరాణా వ్యాపారిని ఎవరో షేర్ మార్కెట్ వాట్సాప్ గ్రూపులో చేర్చారు. 'అడ్వైజర్' అని చెప్పుకొన్న వ్యక్తి ఒక వెబ్‌సైట్ లింకు పంపాడు. మొదట యూపీఐ ద్వారా 5,000 రూపాయలు పెట్టించాడు. రెండు రోజుల్లో లాభం వచ్చిందంటూ 800 రూపాయలు నిజంగానే వ్యాపారి ఖాతాలో వేశాడు. దాంతో నమ్మకం కుదిరింది. తర్వాతి పది రోజుల్లో యూపీఐ ద్వారా 30,000, ఐఎంపీఎస్ ద్వారా 50,000, చివరగా ఒక మధ్యాహ్నం మూడు గంటలకు నెఫ్ట్ ద్వారా 1,00,000 రూపాయలు వెళ్లాయి. నాలుగు సార్లూ నాలుగు వేర్వేరు ఖాతాలకు. మొత్తం 1,85,000. అదే సాయంత్రం డబ్బు వెనక్కి తీసుకుంటానంటే, ముందు 40,000 పన్ను కట్టాలని మెసేజ్ వచ్చింది. రాత్రి ఏడు గంటలకు కూతురు ఆ మెసేజ్ చూసింది.

తండ్రి చేయి బ్లాక్ బటన్ మీదకు వెళ్లింది. "అబ్బాజాన్, ఇప్పుడే బ్లాక్ చేయకండి. వాడికి ఏ జవాబూ ఇవ్వకండి, ఏదీ తుడిచేయకండి" అంది కూతురు. ఆ రాత్రి వారి ఇంట్లో జరగాల్సిన పనులను ఇప్పుడు వరుసగా చూద్దాం.

మొదటి పది నిమిషాలు: లావాదేవీ నంబర్, 1930 కాల్

సాక్ష్యాలన్నీ సేకరించాకే ఫిర్యాదు చేద్దామని కూర్చోవడం పెద్ద పొరపాటు. మోసగాడి ఖాతాలో పడిన డబ్బు అక్కడ ఎక్కువసేపు ఆగదు. ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు, అక్కడి నుంచి ఇంకో ఖాతాకు పోతూ ఉంటుంది. అందుకే మొదటి ఫోన్ 1930కి చేయాలి. ఇది ఆన్‌లైన్ ఆర్థిక మోసాల కోసం దేశమంతటికీ ఉన్న హెల్ప్‌లైన్. ఈ ఫిర్యాదుల వ్యవస్థకు బ్యాంకులు అనుసంధానమై ఉంటాయి. మీరు చెప్పిన లావాదేవీ నంబర్ ఆధారంగా డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళుతుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే దాన్ని నిలిపివేస్తారు. ముందుకు పోయి ఉంటే, అది చేరిన తర్వాతి బ్యాంకుకు సమాచారం పంపుతారు.

కాబట్టి ఈ దశలో కావలసినవి చాట్‌లు కావు. మీ బ్యాంకు పేరు, ఖాతా నంబర్, మొత్తం, తేదీ, సమయం, లావాదేవీ నంబర్ ఉంటే చాలు. ఇక్కడే చాలామంది తడబడతారు. ఒక్కో యాప్‌లో ఒకే చెల్లింపుకు రెండు నంబర్లు కనిపిస్తాయి. ఫోన్‌పేలో T అక్షరంతో మొదలయ్యే Transaction ID ఒకటి, దానితోపాటు UTR అని ఇంకొకటి ఉంటాయి. గూగుల్‌పేలో Google transaction ID, UPI transaction ID అని రెండు ఉంటాయి. మొదటిది ఆ కంపెనీ సొంత లెక్క కోసం వాడుకునేది. బ్యాంకులు గుర్తుపట్టేది రెండోదాన్ని. యూపీఐకి, ఐఎంపీఎస్‌కి ఈ నంబర్ 12 అంకెలు ఉంటుంది. నెఫ్ట్‌కి అయితే అక్షరాలు, అంకెలు కలిసి 16 ఉంటాయి. రెండు నంబర్లూ రాసుకోండి. ఫోన్‌లో మాత్రం బ్యాంకు గుర్తుపట్టే నంబర్‌నే ముందు చెప్పండి.

మన ఉదాహరణలో నాలుగు చెల్లింపులు ఉన్నాయి. ముందుగా ఆ రోజు మధ్యాహ్నం వెళ్లిన లక్ష గురించి చెప్పాలి. నాలుగు గంటల క్రితం వెళ్లిన డబ్బు దొరికే అవకాశం, పది రోజుల క్రితం వెళ్లిన డబ్బు కంటే ఎక్కువ. తర్వాత మిగతావి వెనక్కి చెప్పుకుంటూ పోవాలి. అదే సమయంలో ఇంట్లో మరొకరు బ్యాంకు కస్టమర్ కేర్‌కు కూడా ఫోన్ చేయవచ్చు. రెండు చోట్లా ఇచ్చే ఫిర్యాదు నంబర్‌ను కాగితం మీద రాసుకోవాలి. 1930లో నమోదైన ఫిర్యాదు పూర్తి వివరాలను cybercrime.gov.in లో ఆలస్యం చేయకుండా నింపాలి. సాక్ష్యాల అవసరం అప్పుడు వస్తుంది.

ఒక హెచ్చరిక. మోసగాడు మీ చేత స్క్రీన్ చూపించే యాప్‌ను గానీ, లింకు ద్వారా వచ్చిన ఏపీకే ఫైలును గానీ ఎక్కించి ఉంటే, ముందు ఆ ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. 1930కి వేరే ఫోన్ నుంచి చేయండి. అలాంటి ఫోన్‌లో సాక్ష్యాల కోసం వెతుకుతూ ఉంటే, వెతికేది వాడికి కూడా కనిపించవచ్చు.

తర్వాతి గంట: సంభాషణ

మోసగాడికి అనుమానం వచ్చిన క్షణం నుంచి చాట్ ప్రమాదంలో పడుతుంది. వాట్సాప్‌లో పంపినవాడు తన మెసేజ్‌లను రెండు రోజులకు పైగా సమయం వరకు అందరి ఫోన్లలోంచీ తీసేయగలడు. గ్రూప్ అడ్మిన్ ఇతరుల మెసేజ్‌లను కూడా తీసేయగలడు. టెలిగ్రామ్ వ్యక్తిగత చాట్‌లో అవతలివాడు మొత్తం సంభాషణను మీ ఫోన్‌లోంచి కూడా ఎప్పుడైనా తుడిచేయగలడు. అందువల్ల చాట్ భద్రపరిచేదాకా 'నువ్వు మోసగాడివి, పోలీసులకు చెబుతాను' అని బెదిరించకూడదు. అలాగని వాడి నుంచి ఇంకేదో రాబట్టాలని మాటలు పొడిగించడమూ వద్దు. మౌనంగా ఉండటమే మేలు.

స్క్రీన్‌షాట్ తీయడం అందరికీ తెలుసు. అయితే కోర్టుకు, పోలీసులకు పనికొచ్చే స్క్రీన్‌షాట్ విషయంలో కొన్ని చిక్కులున్నాయి. మొదటిది పేరు. మన వ్యాపారి ఆ వ్యక్తిని 'షేర్ సార్' అని సేవ్ చేసుకున్నాడు. ఎన్ని స్క్రీన్‌షాట్లు తీసినా పైన 'షేర్ సార్' అనే కనిపిస్తుంది. ఆ పేరుతో ఎవరినీ పట్టుకోలేరు. కాబట్టి పేరు మీద నొక్కి, నంబర్, ప్రొఫైల్ ఫోటో కనిపించే పేజీకి విడిగా స్క్రీన్‌షాట్ తీయాలి. గ్రూప్ అయితే అందులోంచి బయటికి రాకముందే గ్రూప్ పేరు, అడ్మిన్ల నంబర్లు, సభ్యుల జాబితా కనిపించేలా తీయాలి.

రెండో చిక్కు తేదీ. వాట్సాప్‌లో మెసేజ్ పక్కన సమయం మాత్రమే ఉంటుంది. తేదీ ఆ రోజు మెసేజ్‌లకు పైన ఒకచోట కనిపిస్తుంది. అదీ ఆ రోజైతే Today అని, ముందు రోజుదైతే Yesterday అని ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఆ స్క్రీన్‌షాట్ చూసే అధికారికి ఆ Today ఏ రోజో తెలియదు. ఈ ఇబ్బందికి విరుగుడు వాట్సాప్‌లోనే ఉంది. చాట్ తెరిచి, పైన మూడు చుక్కల మెనూలో Export chat ఎంచుకుని, ఫోటోలు కూడా కలిపి పంపమనాలి. అప్పుడు వచ్చే ఫైలులో ప్రతి మెసేజ్‌కూ తేదీ, సమయం, పంపినవారి పేరు వరుసగా ఉంటాయి. అందులోనూ సేవ్ చేసుకున్న పేరే వస్తుంది కనుక నంబర్ పేజీ స్క్రీన్‌షాట్ తప్పనిసరి. కొన్ని చాట్‌లలో Advanced chat privacy అనే ఏర్పాటు పెట్టి ఉంటే ఎగుమతి కుదరదు. అలాంటప్పుడు స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, మొదటి మెసేజ్ నుంచి చివరిదాకా నిదానంగా జరుపుతూ పోవాలి. మధ్యలో ఒకసారి నంబర్ పేజీని కూడా తెరిచి చూపాలి.

మూడో చిక్కు మనమే తెచ్చిపెట్టుకునేది. స్క్రీన్‌షాట్‌ను కత్తిరించడం, ఎర్రరంగుతో గుండ్రాలు గీయడం, మన ఆశను బయటపెట్టే మెసేజ్‌లను తీసేయడం. "ఇంకో లక్ష పెడితే ఎంత వస్తుంది?" అని తానే అడిగిన మెసేజ్ చూపించడానికి వ్యాపారికి సిగ్గు. కానీ దానికి ముందు మోసగాడు చూపిన దొంగ లాభాల పట్టికతో కలిపి చదివితేనే ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. మధ్యలో ఖాళీలున్న చాట్‌ను చూస్తే, ఇంకా ఏం దాచారోనన్న సందేహం వస్తుంది. ఏదైనా చోట గుర్తు పెట్టి చూపాలనుకుంటే, అసలు ఫైలును ముట్టుకోకుండా దాని నకలు మీద పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైన మెసేజ్ ఒకటుంది. ఈ ఖాతాకు పంపండి అంటూ ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ లేదా క్యూఆర్ కోడ్ ఇచ్చిన మెసేజ్. మోసగాడి మాటకూ మీ డబ్బుకూ మధ్యనున్న ముడి అదే. మన ఉదాహరణలో నాలుగు చెల్లింపులకు అలాంటి మెసేజ్‌లు నాలుగు ఉండాలి. నాలుగూ ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. 40,000 పన్ను అడిగిన మెసేజ్ కూడా తప్పనిసరి. డబ్బు కట్టకపోయినా అది మోసపు ఉద్దేశాన్ని చూపుతుంది.

ఫోన్ కాల్స్ వచ్చి ఉంటే కాల్ జాబితాలో ఆ నంబర్ వివరాలు తెరిచి, తేదీ, సమయం, ఎంతసేపు మాట్లాడారో కనిపించేలా తీయండి. ఈమెయిల్ వచ్చి ఉంటే దాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తే చాలదు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, Show original నొక్కి, Download Original తో అసలు ఫైలు దింపుకోవాలి. ఆ మెయిల్ ఏ దారిలో వచ్చిందో చెప్పే సాంకేతిక వివరాలు అందులోనే ఉంటాయి.

వెబ్‌సైట్ విషయంలో పేజీ బొమ్మ కంటే పూర్తి చిరునామా ముఖ్యం. మొబైల్ బ్రౌజర్‌లో చిరునామా సగమే కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి ఒక నోటులో అతికించుకోండి. ఇలాంటి సైట్లు కొద్ది రోజుల్లోనే మాయమవుతుంటాయి. దొంగ లాభాలు చూపిన పేజీని ఆ రాత్రే స్క్రీన్‌షాట్ తీసుకోవాలి.

డబ్బు వెళ్లిన దారి

పేమెంట్ యాప్ స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. అలాంటి బొమ్మను ఎవరైనా తయారు చేయగలరు. అందుకని బ్యాంకు నుంచి ఖాతా స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దింపుకోవాలి. చాలా బ్యాంకు యాప్‌లు స్క్రీన్‌షాట్ తీయనివ్వవు. అలాంటప్పుడు మరో ఫోన్‌తో ఫోటో తీసి, స్టేట్‌మెంట్‌ను విడిగా తెచ్చుకోండి. శాఖకు వెళ్లి ముద్రతో ధ్రువీకరించిన ప్రతి అడిగితే ఇంకా మంచిది. 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం సరిగా ధ్రువీకరించిన బ్యాంకు ఖాతా ప్రతికి కోర్టులో విలువ ఉంటుంది. డెబిట్ ఎస్సెమ్మెస్‌లను ఫోన్‌లోనే ఉంచి, పంపిన పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయాలి.

చాలామంది వదిలేసే ఒక విషయం ఉంది. మొదట్లో మోసగాడు తిరిగి ఇచ్చిన 800 రూపాయలు. చిన్న మొత్తమని దాన్ని ఫిర్యాదులో రాయరు. కానీ ఆ డబ్బు వాళ్ల ఖాతా నుంచి వచ్చింది. డబ్బు పంపిన నాలుగు ఖాతాలతోపాటు ఇది ఐదో ఖాతా కావచ్చు. దాని లావాదేవీ నంబర్ కూడా ఇవ్వాలి. పైగా మొత్తం 1,85,000 వెళ్లి 800 వచ్చింది కనుక నికర నష్టం 1,84,200 అని రాయడమే నిజం. మన లెక్క స్టేట్‌మెంట్‌తో రూపాయి తేడా లేకుండా కలవాలి. నిలిపివేసిన డబ్బు దానంతట అది వెనక్కి రాదు. చాలా సందర్భాల్లో కోర్టు ఉత్తర్వు కావాలి. అప్పుడు ఆ మొత్తం మీదేనని చూపేది ఈ లెక్కే.

ఇవన్నీ చేతికి వచ్చాక తెల్లకాగితం మీద ఒక వరుస రాయాలి: తేదీ, సమయం, ఏ ఖాతా నుంచి, ఏ పద్ధతిలో, ఎంత, లావాదేవీ నంబర్, ఏ ఖాతాకు, ఆ ఖాతా వివరాలు పంపిన నంబర్, ఆ మెసేజ్ ఉన్న స్క్రీన్‌షాట్ పేరు. ఒక్కో చెల్లింపుకు ఒక్కో వరుస. మన వ్యాపారికి నాలుగు చెల్లింపుల వరుసలు, వచ్చిన 800కి ఒకటి, మొత్తం ఐదు. ఏ వరుసలోనైనా గడి ఖాళీగా ఉంటే ఏ సాక్ష్యం ఇంకా వెతకాలో అక్కడే తెలిసిపోతుంది. విచారణాధికారి ముందుగా చదివేదీ ఇలాంటి కాగితాన్నే.

దాచుకోవడం, చట్టం అడిగేది

సేకరించినవన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు, మీ ఈమెయిల్‌కు ఒక నకలు పంపుకోండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గుతుంది, ఫైలు లోపల దాగి ఉండే వివరాలు పోతాయి. తప్పనిసరైతే Document గా పంపండి. ఇవన్నీ నకళ్లే. అసలు సాక్ష్యం ఆ ఫోన్. కేసు తేలేవరకు దాన్ని అమ్మడం, ఫ్యాక్టరీ రీసెట్ చేయడం, వాట్సాప్ తీసేయడం వద్దు. చాట్, నంబర్ పేజీ అన్నీ భద్రపరిచాక మోసగాడిని బ్లాక్ చేయవచ్చు. అయితే బ్లాక్ చేసేటప్పుడు చాట్‌ను కూడా తొలగించాలా అని అడగవచ్చు. ఆ టిక్ గుర్తు తీసేయాలి.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్, పాత చట్టంలోని 65బి స్థానంలో ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెబుతుంది. దాని ప్రకారం కంప్యూటర్ లేదా ఫోన్ నుంచి తీసిన నకలును కోర్టులో పెట్టేటప్పుడు ఒక ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగాన్ని ఆ పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వారు, రెండో భాగాన్ని నిపుణుడు నింపుతారు. ఫైలు హ్యాష్ విలువ కూడా అందులో రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. విండోస్ కంప్యూటర్ ఉన్నవారు కమాండ్ ప్రాంప్ట్‌లో, ఆ ఫైలు ఉన్న ఫోల్డర్ నుంచి, ఈ ఒక్క వరుసతో దాన్ని తెలుసుకోవచ్చు:

```
certutil -hashfile chat.zip SHA256
```

వచ్చిన పొడవాటి అంకెలు, అక్షరాలను తేదీతో సహా రాసి పెట్టుకుంటే, ఆ రోజు నుంచి ఫైలు మారలేదని తర్వాత చూపవచ్చు. అంతకుముందే మార్చారా లేదా అన్నది హ్యాష్ చెప్పలేదు. అందుకే అసలు ఫోన్ చేతిలో ఉండాలంటున్నాం. ఇక ఫిర్యాదు చేయడానికి ఈ హ్యాష్ గానీ, ధ్రువపత్రం గానీ అడ్డు కాకూడదు. అవి కోర్టు దశలో కావలసినవి. పోలీసులు, న్యాయవాది చెప్పినప్పుడు సిద్ధం చేసుకోవచ్చు.

ఫోన్‌ను పోలీసులు పరిశీలనకు తీసుకుంటే రాతపూర్వకంగా రసీదు తీసుకోండి. మీ స్క్రీన్‌షాట్లను బంధువుల గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. అవి చూసి 'మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి' అంటూ కొత్త మోసగాళ్లు వస్తారు. అలాంటి మెసేజ్ వస్తే దానికీ జవాబు ఇవ్వకుండా నంబర్ పేజీతో సహా భద్రపరిచి, అదే ఫిర్యాదు నంబర్ చెప్పి విచారణాధికారికి ఇవ్వండి.